బోనస్ ఇచ్చాక కంపెనీ ఈక్విటీ ఎంత మారింది? యాన్యువల్ రిపోర్టులో చూసి తెలుసుకోవడం ఎలా

2024 అక్టోబర్ 28న రిలయన్స్ 1:1 బోనస్‌కి, అంటే ఉన్న ప్రతి షేరుకీ ఇంకో షేరు ఇవ్వడానికి, రికార్డ్ డేట్. ఆ రోజు పొద్దున డీమ్యాట్ యాప్ తెరిచిన చాలామందికి షేరు ధర సగానికి పడిపోయి కనిపించింది. కొత్త షేర్లు ఇంకా ఖాతాలోకి రాలేదు, ధర మాత్రం బోనస్‌కి తగ్గట్టు అప్పటికే సర్దుకుంది. ఒకటి రెండు రోజుల్లో షేర్లు వచ్చేసరికి లెక్క సరిపోయింది. అప్పుడు ఇంకో పొరపాటు మొదలవుతుంది: "మొత్తానికి నాకు ఊరికే షేర్లు వచ్చాయి" అనుకోవడం.

ఆ బోనస్‌తో రిలయన్స్ షేర్ల సంఖ్య సుమారు 676.6 కోట్ల నుంచి 1,353 కోట్లకు చేరింది. ఒక్కో షేరు ముఖ విలువ 10 రూపాయలు కాబట్టి షేర్ క్యాపిటల్ 6,766 కోట్ల నుంచి 13,532 కోట్లు అయింది. షేర్ క్యాపిటల్, రిజర్వులు కలిపిన మొత్తం ఈక్విటీ మాత్రం ఒక్క రూపాయి కూడా పెరగలేదు. రిజర్వుల్లో ఉన్న 6,766 కోట్లు అక్కడ తగ్గి, ఇక్కడ పెరిగాయి, అంతే.

అలాంటప్పుడు బోనస్ వల్ల మారేది ఏమీ లేదా? ఉంది. డబ్బు ఏ పెట్టెలో ఉందో మారుతుంది. ఒక్కో పెట్టెకు ఒక్కో తాళం. కొన్నింటిలో డబ్బు డివిడెండ్‌గా మీ చేతికి రాగలదు, కొన్నింటిలోంచి రాలేదు. మీ దగ్గర షేర్లున్న ఏ కంపెనీ రిపోర్టు అయినా తీసి ఇది మీరే చూసుకోవచ్చు. పట్టుమని అరగంట పని.

1. ముందు సరైన పేజీ పట్టుకోండి

కంపెనీ వెబ్‌సైటులోనో, స్టాక్ ఎక్స్ఛేంజ్ సైటులోనో యాన్యువల్ రిపోర్టు పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో Statement of Changes in Equity అని టైప్ చేసి వెతకండి. రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి ఆ కంపెనీ ఒక్కదానివే అయిన స్టాండలోన్ లెక్కల్లో, రెండోది అనుబంధ కంపెనీలనూ కలిపిన కన్సాలిడేటెడ్ లెక్కల్లో.

కంపెనీ వ్యాపారం ఎలా ఉందో తెలియాలంటే అందరూ కన్సాలిడేటెడ్ చూడమంటారు, అది సరైన సలహానే. డివిడెండ్ విషయానికి వచ్చేసరికి మాత్రం స్టాండలోన్ చూడాలి. అనుబంధ కంపెనీ సంపాదించిన లాభం, అది డివిడెండ్‌గా పైకి పంపేదాకా, మాతృ కంపెనీ పంచడానికి పనికిరాదు. కన్సాలిడేటెడ్‌లో వేల కోట్ల లాభాలు నిలవుండి, స్టాండలోన్‌లో అంతంతమాత్రంగా ఉండే కంపెనీలు ఉన్నాయి.

ఆ పేజీలో రెండు భాగాలుంటాయి. పైన ఈక్విటీ షేర్ క్యాపిటల్, రెండు మూడు వరుసల్లో అయిపోతుంది. కింద అదర్ ఈక్విటీ. అది అడ్డంగా పరిచిన పెద్ద పట్టిక: సెక్యూరిటీస్ ప్రీమియం, జనరల్ రిజర్వ్, రిటైన్డ్ ఎర్నింగ్స్ అని ఒక్కో నిలువు వరుస. అసలు కథంతా ఇక్కడే.

2. ప్రారంభ నిల్వలు ఒక కాగితం మీద రాసుకోండి

అంకెలు చిన్నవిగా ఉంటే తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టి ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. 10 రూపాయల ముఖ విలువతో కోటి షేర్లు ఉన్నాయి. సంవత్సరం మొదట్లో దాని ఈక్విటీ ఇదీ (కోట్ల రూపాయల్లో):

| పెట్టె | మొత్తం |
|---|---|
| షేర్ క్యాపిటల్ | 10 |
| సెక్యూరిటీస్ ప్రీమియం | 15 |
| జనరల్ రిజర్వ్ | 5 |
| రిటైన్డ్ ఎర్నింగ్స్ | 40 |
| మొత్తం ఈక్విటీ | 70 |

సెక్యూరిటీస్ ప్రీమియం అంటే, షేర్లు అమ్మినప్పుడు ముఖ విలువకు పైన వాటాదారులు కట్టిన డబ్బు. అది లాభం కాదు కాబట్టి డివిడెండ్‌గా పంచడానికి చట్టం ఒప్పుకోదు. బోనస్ షేర్లు ఇవ్వడానికి మాత్రం వాడుకోవచ్చు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, నాలుగో అడుగులో దీంతో పని ఉంది.

రిటైన్డ్ ఎర్నింగ్స్ అంటే కంపెనీ పుట్టినప్పటి నుంచి సంపాదించి, పంచకుండా ఉంచుకున్న లాభాల మొత్తం. మా బావగారు ఒకసారి తన దగ్గర షేర్లున్న ఒక చిన్న కంపెనీ రిపోర్టులో ఇలాంటి అంకె చూసి "నలభై కోట్లు పెట్టుకుని కూర్చున్నారు, మనకు మాత్రం మూడు రూపాయలు విదిలిస్తారా" అని కోప్పడ్డారు. బ్యాంకు ఖాతాలో ఎంత ఉందో చూద్దామని బ్యాలెన్స్ షీట్ పక్కకు తిప్పితే నగదు రెండు కోట్లు కూడా లేదు. మిగిలిందంతా ఎప్పుడో మెషినరీగా, గోడౌన్‌లో సరుకుగా, పార్టీల దగ్గర రావలసిన బాకీలుగా మారిపోయింది. రిటైన్డ్ ఎర్నింగ్స్ ఆ ఆస్తులు ఎవరి డబ్బుతో వచ్చాయో చెబుతుంది. గల్లాపెట్టెలో ఎంతుందో చెప్పదు.

ఆ అంకె మొత్తం పంచడానికి వీలైనది కూడా కాకపోవచ్చు. భూమి విలువ కాగితం మీద పెంచి రాసుకుంటే వచ్చే లాభం, ఇంకా చేతికి రాని లాభం లాంటివి కంపెనీల చట్టం ఫ్రీ రిజర్వుల లెక్కలోకి, అంటే డివిడెండ్‌గా పంచడానికి వీలైన రిజర్వుల్లోకి, రానివ్వదు. ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ పద్ధతికి మారినప్పుడు కొన్ని కంపెనీలకు ఇలాంటి లాభాలు రిటైన్డ్ ఎర్నింగ్స్‌లోనే చేరాయి. అదర్ ఈక్విటీ నోట్ అడుగున చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసి ఉంటుంది, అది చదవకుండా ముందుకు పోకండి.

జనరల్ రిజర్వ్ గురించి ఒక్క మాట. 1956 నాటి చట్టం కింద డివిడెండ్ ఇచ్చే ముందు లాభంలో కొంత శాతం తప్పనిసరిగా ఇందులో వేయాల్సి వచ్చేది. 2013 చట్టం దాన్ని కంపెనీ ఇష్టానికి వదిలేసింది. పైగా ఇందులోకి వెళ్లిన లాభాన్ని, లాభాలు చాలని ఏడాదిలో బయటికి తీసి డివిడెండ్ ఇవ్వాలంటే అదనపు షరతులున్నాయి. అందుకే చాలా కంపెనీలు కొత్తగా ఇందులో వేయడం మానేశాయి. పాత నిల్వ ఏళ్ల తరబడి అదే అంకెతో కదలకుండా కనిపిస్తుంది.

3. డివిడెండ్ వరుస: ఏ ఏడాదిదో చూసి మరీ తీసేయండి

మన కంపెనీకి ఈ ఏడాది పన్ను పోను లాభం 12 కోట్లు. ఆగస్టులో వాటాదారుల వార్షిక సమావేశం, అంటే ఏజీఎం జరిగి, పోయిన ఏడాదికి షేరుకు 3 రూపాయల ఫైనల్ డివిడెండ్ ఖరారైంది. జనవరిలో బోర్డు, ఏడాది ముగియకముందే, ఈ ఏడాదికి 2 రూపాయల ఇంటెరిమ్ డివిడెండ్ ఇచ్చింది. మేలో లెక్కలు ఆమోదించేటప్పుడు ఈ ఏడాదికి 4 రూపాయల ఫైనల్ డివిడెండ్ సిఫారసు చేసింది.

ఇప్పుడు రిటైన్డ్ ఎర్నింగ్స్‌లోంచి ఎంత తీసేయాలి? చాలామంది 2, 4 కలిపి 6 కోట్లు తీసేస్తారు. అది తప్పు. మార్చి 31 నాటికి ఆ 4 రూపాయల మాట ఎవరూ అనలేదు, ఏజీఎం ఆమోదించనూ లేదు. అది ఇంకా కంపెనీ బాకీ కాదు. అందుకే లెక్కల్లోకి రాకుండా ఒక నోట్‌లో "ప్రపోజ్డ్ డివిడెండ్" అని ఉంటుంది. ఈ ఏడాది తగ్గేవి 3, 2 కలిపి 5 కోట్లు మాత్రమే.

```
40 + 12 − 5 = 47
```

రిటైన్డ్ ఎర్నింగ్స్ ముగింపు 47 కోట్లు. మిగతా పెట్టెలు కదల్లేదు కాబట్టి మొత్తం ఈక్విటీ 10, 15, 5, 47 కలిపి 77 కోట్లు. మీరు వేసిన అంకె, రిపోర్టులో ఉన్న అంకె కలవకపోతే కంగారు పడకండి. గ్రాట్యుటీ అంచనాల్లో తేడా లాంటి ఒకటో రెండో చిన్న అంకెలు లాభనష్టాల ఖాతాలోని లాభంలో కలవకుండా నేరుగా ఇందులోకి వస్తాయి. వాటికి వేరే వరుస ఉంటుంది. దాన్ని కూడా కలిపినా తేడా మిగిలితే అప్పుడు నోట్లు వెతకాలి.

తర్వాత క్యాష్ ఫ్లో స్టేట్‌మెంటు తీయండి. ఫైనాన్సింగ్ భాగంలో డివిడెండ్ చెల్లింపు వరుస ఉంటుంది. అక్కడా దాదాపు 5 కోట్లే కనిపించాలి. బోనస్‌కీ డివిడెండ్‌కీ తేడా తేల్చే పరీక్ష ఇదే: డివిడెండ్ ఈక్విటీనీ నగదునీ ఒకేసారి తగ్గిస్తుంది, దానికి క్యాష్ ఫ్లోలో జాడ ఉంటుంది. అదే ఏడాది కంపెనీ వ్యాపారం నుంచి వచ్చిన నగదు 3 కోట్లే అయి, అప్పు 4 కోట్లు పెరిగి ఉంటే, ఆ డివిడెండ్‌లో కొంత బ్యాంకు డబ్బేనని అర్థం. ఒక ఏడాదికి అది తప్పేమీ కాదు. వరసగా మూడేళ్లు అలాగే ఉంటే నేనైతే ఆ డివిడెండ్‌ని నమ్ముకోను.

లాభంలో ఎంత శాతం పంచారో చూడాలంటే మాత్రం లెక్క వేరు. అక్కడ ఈ ఏడాది లాభానికి ఈ ఏడాది డివిడెండే పెట్టాలి: ఇంటెరిమ్ 2, ప్రతిపాదించిన ఫైనల్ 4, మొత్తం 6 కోట్లు. 12 కోట్లలో సగం. పట్టికలో కనిపించిన 5 కోట్లతో లెక్కేస్తే 42 శాతం వస్తుంది, అది రెండు ఏళ్ల డివిడెండ్లు కలగలిసిన అంకె.

ప్రకటనల్లో "40 శాతం డివిడెండ్" అని రాస్తే అది ముఖ విలువ మీద. 10 రూపాయల షేరుకు 4 రూపాయలన్నమాట. మార్కెట్ ధర 200 ఉంటే మీ పెట్టుబడి మీద వచ్చేది 2 శాతమే. ఇక ఏడాదిలో ఒక కంపెనీ నుంచి వచ్చే డివిడెండ్ 10,000 రూపాయలు దాటితే, పాన్ ఇచ్చి ఉన్న రెసిడెంట్ వాటాదారుకి 10 శాతం టీడీఎస్ కోసుకుని మిగతాది బ్యాంకులో వేస్తారు (2025 ఏప్రిల్‌కి ముందు ఈ హద్దు 5,000). 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీ ఆదాయంలో కలిసి మీ స్లాబు ప్రకారమే పన్ను పడుతోంది.

బ్యాంకు వివరాలు పాతబడి డివిడెండ్ మీకు చేరకపోతే అది తిరిగి కంపెనీ ఈక్విటీలో కలవదు. అన్‌పెయిడ్ డివిడెండ్ అని బాకీల వైపు ఉంటుంది, ఏడేళ్లు ఎవరూ అడగకపోతే ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి పోతుంది. వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోని షేర్లు కూడా దాని వెంటే పోతాయి. నాన్నగారి పేరు మీద పాత కాగితం షేర్లున్న ఇళ్లలో ఇది ఎక్కువ.

4. బోనస్ వరుస: ఏ పెట్టెలోంచి తీశారో కనిపెట్టండి

రెండో ఏడాది. ఆగస్టు ఏజీఎంలో ఆ 4 రూపాయలు ఖరారై 4 కోట్లు బయటికి వెళ్లాయి. నవంబర్‌లో 1:1 బోనస్ ఇచ్చారు. అంటే కోటి కొత్త షేర్లు, ముఖ విలువ లెక్కన 10 కోట్లు. మార్కెట్ ధర 200 ఉన్నా సరే, రిజర్వుల నుంచి కదిలేది 10 రూపాయల చొప్పునే. 200 కోట్ల విలువైన షేర్లు పంచారు అనే మాట ఎక్కడైనా కనిపిస్తే నవ్వి వదిలేయండి.

పట్టికలో "బోనస్ ఇష్యూకి వినియోగం" అనే అర్థం వచ్చే వరుస వెతకండి. ఆ మైనస్ 10 ఏ నిలువు వరుసలో ఉందో అదే అసలు ప్రశ్న. చట్టం మూడింటిని అనుమతిస్తుంది: ఫ్రీ రిజర్వులు, సెక్యూరిటీస్ ప్రీమియం, బైబ్యాక్ లాంటివి చేసినప్పుడు పక్కన పెట్టే క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వ్. ఆస్తుల విలువ పెంచి రాసుకున్న రీవాల్యుయేషన్ రిజర్వును వాడకూడదు. డివిడెండ్‌కి బదులుగా బోనస్ ఇవ్వడం కూడా కుదరదు.

ప్రీమియంలోంచి తీశారనుకోండి. ప్రీమియం 15 నుంచి 5కి దిగుతుంది, షేర్ క్యాపిటల్ 10 నుంచి 20కి ఎక్కుతుంది. రిటైన్డ్ ఎర్నింగ్స్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆ 10 కోట్లు ఎటూ డివిడెండ్‌గా వచ్చేవి కావు కాబట్టి మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు.

అదే రిటైన్డ్ ఎర్నింగ్స్‌లోంచి తీస్తే? మొత్తం ఈక్విటీ అప్పుడూ మారదు. కానీ రేపు డివిడెండ్‌గా ఇవ్వగలిగిన 10 కోట్లు షేర్ క్యాపిటల్ పెట్టెలోకి వెళ్లి తాళం పడిపోయాయి. క్యాపిటల్‌లో చేరిన డబ్బును డివిడెండ్‌గా తీయలేరు. దాన్ని వెనక్కివ్వాలంటే ట్రిబ్యునల్ అనుమతితో మూలధనం తగ్గించుకోవడమో, షరతులకు లోబడి బైబ్యాక్ చేయడమో, అంటే కంపెనీయే తన షేర్లు తిరిగి కొనడమో జరగాలి. అప్పులిచ్చేవాళ్లకు ఇది నచ్చుతుంది, ఎందుకంటే ఆ డబ్బు ఇక కంపెనీలోనే ఉంటుంది. వాటాదారుకి మాత్రం ఇది డివిడెండ్ వచ్చే దారుల్లో ఒకటి మూసుకోవడమే. "బోనస్ కాబట్టి మంచిదే" అనేవాళ్లు చూడనిది ఈ వరుసే.

మన కంపెనీ ప్రీమియం వాడింది. ఆ ఏడాది లాభం 14 కోట్లు. పట్టిక ఇలా మారుతుంది:

| పెట్టె | మొదట | డివిడెండ్ | బోనస్ | లాభం | చివర |
|---|---|---|---|---|---|
| షేర్ క్యాపిటల్ | 10 | | +10 | | 20 |
| సెక్యూరిటీస్ ప్రీమియం | 15 | | −10 | | 5 |
| జనరల్ రిజర్వ్ | 5 | | | | 5 |
| రిటైన్డ్ ఎర్నింగ్స్ | 47 | −4 | | +14 | 57 |
| మొత్తం | 77 | −4 | 0 | +14 | 87 |

బోనస్ వరుస కింద సున్నా ఉంది చూశారా. మీరు ఏ కంపెనీది వేసినా అక్కడ సున్నా రావాలి. రాకపోతే బోనస్‌తో పాటు ఇంకేదో జరిగింది: ఉద్యోగులకు స్టాక్ ఆప్షన్ల కింద షేర్లు ఇచ్చి ఉండొచ్చు, బోనస్ ఇష్యూ ఖర్చుల్ని ప్రీమియంలోంచి తీసేసి ఉండొచ్చు.

బోనస్‌నీ స్ప్లిట్‌నీ కలపకండి. రెండింట్లోనూ ధర సగమవుతుంది. కానీ స్ప్లిట్‌లో 10 రూపాయల షేరు రెండు 5 రూపాయల షేర్లవుతుంది, ఈ పట్టికలో ఏ అంకే కదలదు. బోనస్‌లో ముఖ విలువ అదే ఉంటుంది, రిజర్వు తగ్గి క్యాపిటల్ పెరుగుతుంది.

5. షేరుకి లెక్కలు మళ్లీ వేయండి

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. పోయిన ఏడాది చివర 77 కోట్ల ఈక్విటీ, కోటి షేర్లు, షేరుకు పుస్తక విలువ 77 రూపాయలు. ఈ ఏడాది 87 కోట్లు, రెండు కోట్ల షేర్లు, 43.50. చూడగానే కుప్పకూలినట్టుంది. పాత అంకెను కూడా రెండు కోట్ల షేర్లతో భాగించండి: 38.50. అంటే 5 రూపాయలు పెరిగింది.

ఈపీఎస్, అంటే షేరుకు వచ్చిన లాభం కూడా అంతే. పాత రిపోర్టులో 12 రూపాయలు, కొత్తదాంట్లో 7. అయితే కొత్త రిపోర్టులో పోయిన ఏడాది గడిలో 12 ఉండదు, 6 ఉంటుంది. బోనస్ ఇచ్చాక పాత ఏళ్ల ఈపీఎస్‌ని కూడా కొత్త షేర్ల సంఖ్యతో తిరగరాయాలని అకౌంటింగ్ స్టాండర్డ్ చెబుతుంది. అందుకే ఈపీఎస్‌ని రెండు వేర్వేరు రిపోర్టుల్లోంచి తీసి పోల్చకండి. ఎప్పుడూ తాజా రిపోర్టులోని రెండు గడులే పోల్చండి. ఐదేళ్ల లెక్క ఎక్సెల్‌లో రాసుకునేవాళ్లు బోనస్ వచ్చిన ప్రతిసారీ వెనక్కి వెళ్లి పాత అంకెలన్నీ దిద్దుకోవాల్సిందే.

ఈక్విటీ మీద రాబడి, అంటే ఆర్‌ఓఈ, బోనస్ వల్ల మారదు. పైన లాభం అదే, కింద ఈక్విటీ అదే. డివిడెండ్ మాత్రం దాన్ని కదిలిస్తుంది. ఈక్విటీ తగ్గుతుంది కాబట్టి అదే లాభానికి ఆర్‌ఓఈ ఎక్కువగా కనిపిస్తుంది. పెద్ద స్పెషల్ డివిడెండ్ ఇచ్చిన ఏడాది తర్వాత ఆర్‌ఓఈ ఎగబాకితే, వ్యాపారం మెరుగైందా లేక కింది అంకె చిక్కిపోయిందా అని ఒకసారి చూసుకోండి.

ఇక డివిడెండ్. బోనస్ తర్వాత షేరుకు 4 బదులు 2 రూపాయలు ప్రకటిస్తే కంపెనీ కోత పెట్టినట్టు కాదు. కోటి షేర్లకు 4, రెండు కోట్ల షేర్లకు 2, రెండూ 4 కోట్లే. నిజమైన వార్త ఏమిటంటే, బోనస్ తర్వాత కూడా షేరుకు 4 రూపాయలే కొనసాగిస్తే కంపెనీ ఏడాదికి 8 కోట్లు బయటికి పంపుతున్నట్టు. అప్పుడు మళ్లీ మూడో అడుగుకి వెళ్లి, రిటైన్డ్ ఎర్నింగ్స్ వరుసా క్యాష్ ఫ్లో వరుసా ఆ బరువు మోయగలవా చూడాలి.

6. మీ వైపు లెక్క రాసుకోండి

బోనస్ షేర్లు వచ్చిన రోజు మీకు పన్ను లేదు. అమ్మినప్పుడు వాటి కొన్న ధర సున్నాగా లెక్కిస్తారు, ఎన్నాళ్లు ఉంచుకున్నారన్నది అవి కేటాయించిన తేదీ నుంచి మొదలవుతుంది, పాత షేర్లు కొన్న తేదీ నుంచి కాదు. యాప్ మాత్రం సగటు ధర చూపిస్తుంది: 200కి కొన్న 100 షేర్లు బోనస్ తర్వాత 100 రూపాయల చొప్పున 200 షేర్లుగా కనిపిస్తాయి. పన్ను లెక్కకు అది పనికిరాదు. డీమ్యాట్‌లో ముందు వచ్చిన షేర్లే ముందు అమ్మినట్టు లెక్క కాబట్టి, మొదటి 100 అమ్మితే కొన్న ధర షేరుకు 200, తర్వాతి 100 అమ్మితే సున్నా. కేటాయింపు తేదీ ఉన్న మెసేజ్‌నో ఈమెయిల్‌నో దాచిపెట్టుకోండి, రిటర్ను వేసేటప్పుడు ఆడిటర్ మొదట అడిగేది అదే.